పట్టుకునే రాడ్డుకు గోడలో పట్టు

బాత్రూంలో లేవడానికి, తూలినప్పుడు ఆపుకోవడానికి చాలామంది పెద్దవాళ్లు పట్టుకునేది టవల్ రాడ్డునే. అది తడి టవల్ బరువు మొయ్యడానికి చేసిన వస్తువు. కాలు జారిన మనిషి దాన్ని అందుకుంటే ఊడిన రాడ్డుతో సహా కింద పడతారు. ఈ సంగతి తెలిసి గ్రాబ్ బార్ కొని పెట్టించిన ఇళ్లలోనూ ప్రమాదం తప్పిందని చెప్పలేం. బార్ గట్టిదే అయినా, బిగించింది టవల్ రాడ్డు బిగించినట్టే అయితే ఫలితం కూడా అదే. అందుకే షాపులో బార్ మెరుపు చూసేముందు ఇంట్లో గోడను చూడాలంటాను.

అమెరికాలో వికలాంగుల సౌకర్యాలకు పెట్టిన ప్రమాణం ప్రకారం గ్రాబ్ బార్ 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి. అమ్మ 60 కిలోలే కదా, అంత దేనికి అనిపిస్తుంది. నిదానంగా ఆనుకుంటే పడేది ఆమె బరువులో కొంతే. జారుతూ పట్టుకుంటే బరువుకు పడే వేగం తోడై, ఒక్క కుదుపులో బార్ మీద పడుతుంది. పైగా బార్ గోడకు ఒకటిన్నర అంగుళాల ఎడంగా ఉంటుంది కాబట్టి, కిందికి లాగిన ప్రతిసారీ పై స్క్రూలను గోడలోంచి బయటికి పీకే బలం పుడుతుంది.

ఆ స్క్రూలు దేన్ని పట్టుకుని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఒక ఇంటి లెక్క చూద్దాం. కమోడ్ పక్కన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. పైన టైలు 8 మిల్లీమీటర్లు, దాని వెనక సిమెంటు మాలు దాదాపు 20, ఆ వెనక ప్లాస్టరింగు 12. అన్నీ కలిపి 40 మిల్లీమీటర్లు. బార్ ప్యాకెట్‌లో వచ్చే స్క్రూలు చాలావరకు 50 మిల్లీమీటర్లవే. అంటే ఇటుకలోకి దిగేది 10 మిల్లీమీటర్లు, బార్ పళ్లెం మందం తీసేస్తే ఇంకా తక్కువ. మిగతా స్క్రూ అంతా ఇటుకను అంటుకుని ఉందో లేదో తెలియని పొరల్లో ఉంటుంది. ఇలాంటి గోడకు 10 మిల్లీమీటర్ల లావు, 100 మిల్లీమీటర్ల పొడవున్న నైలాన్ ప్లగ్గు, దానికి సరిపోయే స్టెయిన్‌లెస్ స్క్రూ కావాలి. అప్పుడు 60 మిల్లీమీటర్ల దాకా ఇటుకలో ఉంటుంది. గోడ అవతలికి పొడుచుకు వచ్చే భయమూ లేదు.

"అంత లోతు వేస్తే టైలు పగులుతుందండీ" అని మేస్త్రి అంటాడు. లోతు వల్ల టైలు పగలదు, డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టి టైలు మీద మొదలుపెడితే పగులుతుంది. గుర్తు మీద కాగితపు టేపు అంటించి, టైలు బిట్‌తో, హ్యామర్ లేకుండా నిదానంగా టైలు దాటాలి. ఆ తరవాతే గోడ బిట్ వెయ్యాలి. ముందు నాణెంతో టైలు మీద కొట్టి చూస్తే, డొల్లగా మోగినచోట వెనక మాలు లేదని అర్థం. అక్కడ పళ్లెం బిగిస్తే టైలు లోపలికి నొక్కుకుని విరుగుతుంది. కుళాయికి, షవర్‌కు నిలువుగానూ, ఒక కుళాయి నుంచి ఇంకో కుళాయికి అడ్డంగానూ గోడలో పైపులు పోతుంటాయి, ఆ వరసలకు దూరంగా ఉండాలి.

డ్రిల్లు వేస్తుండగా రాలే పొడిని చూడండి. బూడిదరంగు పోయి ఎర్రటి పొడి మొదలైతే ఇటుక దొరికినట్టు. డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి జారిపోతే అక్కడ ఖాళీ ఉంది. సుద్దలా తెల్లగా, ఏ శ్రమా లేకుండా రాలుతుంటే అది తేలిక బ్లాకు, ఇప్పుడు నగరాల అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వాడేది. అందులో విప్పారే ఇనప యాంకర్ బోల్టు బిగించకూడదు, బిగించేకొద్దీ బ్లాకు లోపల నలిగి పొడి అవుతుంది. రంధ్రంలో రసాయన జిగురు నింపి బోల్టు నిలిపే కెమికల్ యాంకర్ అక్కడ నయం. తేలిక బ్లాకుకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే తీసుకోవాలి, అది గట్టిపడే గడువు దాటేదాకా బార్‌ను ముట్టుకోకూడదు. అవతలి గది మనదే అయితే ఇంకా గట్టి దారి ఉంది: గోడ గుండా బోల్టు పంపి, అవతల వైపు ఇనప పలక వేసి నట్టు బిగించడం. పడకగది గోడ మీద పలక కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునే బార్‌ల గురించి నా అభిప్రాయం ఒక్కటే: పెద్దవాళ్ల బాత్రూంలో అవి వద్దు. కప్పు కింద టైళ్ల మధ్య గీత వచ్చినా, సబ్బు పొర ఉన్నా గాలి మెల్లగా దూరుతుంది. పట్టు పోయిన సంగతి లాగినప్పుడే తెలుస్తుంది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. మేస్త్రి తన ఎత్తుకు అందేలా గుర్తు పెడతాడు, వాడేది నాలుగడుగుల పది అంగుళాల అమ్మ. ఆమెను బట్టలతోనే కమోడ్ మీద కూర్చోబెట్టి, తనంతట తను లేవమనండి. కూర్చున్నప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడ ఆనిందో అక్కడొక బొట్టుబిళ్ల, సగం లేచినప్పుడు ఎక్కడ వెతుక్కుందో అక్కడ ఇంకొకటి అంటించండి. 16 అంగుళాల కమోడ్ అయితే మొదటిది తరచూ నేల నుంచి 26, 27 అంగుళాల దగ్గర పడుతుంది. అక్కడ అడ్డ బార్, నొక్కి లేవడానికి. రెండోది కమోడ్ ముందంచుకు సుమారు 8 నుంచి 10 అంగుళాలు ముందుకు పడుతుంది. అక్కడ నిలువు బార్, లాగి నిలబడటానికి. ఏటవాలుగా పెడితే తడిచెయ్యి కిందికి జారుతుంది. గోడ చేతికి అందనంత దూరంలో ఉంటే బార్ వల్ల లాభం లేదు. నేల మీద నిలిచి కమోడ్‌కు రెండు వైపులా చేతులుండే ఫ్రేము కొనడం మేలు.

స్నానం దగ్గర పీట తీసేసి, రబ్బరు కాళ్లున్న ఎత్తు స్టూలు వెయ్యాలి. బకెట్‌ను కూడా చిన్న బల్ల మీదికి ఎక్కిస్తే వంగే పని తప్పుతుంది. ఇంకో నిలువు బార్ తలుపు దగ్గర కావాలి. బాత్రూం నేల బయటి నేలకన్నా పల్లంగా ఉంటుంది, తడికాలితో గడప దాటేటప్పుడు ఒంటికాలి మీద నిలబడేది అక్కడే.

నేల జారడానికి టైలుతో పాటు దాని మీద పేరుకున్న సబ్బు, ఉప్పునీటి పొర కూడా కారణం. అది రుద్ది కడగకుండా జారని మ్యాటు వేస్తే మ్యాటే జారుతుంది. నీళ్లు పోయే రంధ్రాలున్న మ్యాటు తీసుకుని, రోజూ ఎత్తి ఆరబెట్టాలి. తలుపు బయట కాళ్లు తుడుచుకునే పాత గోనెపట్టా, బట్టముక్కా తీసేయండి. అడుగున రబ్బరున్న పట్టానే ఉంచండి.

బిగించాక, అమ్మ చెయ్యి పడకముందే ఇంట్లో బరువైనవాళ్లు బార్ పట్టుకుని మోకాళ్లు వంచి, ఒంటి బరువంతా మెల్లమెల్లగా దాని మీద వెయ్యాలి, కిందికీ, తమ వైపుకీ. ఇంకొకరు పళ్లెం అంచు చూస్తుండాలి. వెంట్రుకవాసి సందు విచ్చుకున్నా, పళ్లెం కాస్త తిరిగినా స్క్రూలు ఇంకా బిగించి ఊరుకోకూడదు. తీసేసి, కొత్త రంధ్రాలతో మళ్లీ పెట్టాల్సిందే. సరిగ్గా నిలిస్తే పళ్లెం చుట్టూ సిలికాన్ పూయండి, నీళ్లు లోపలికి పోవు. మూడు నాలుగు నెలలకోసారి ఆ సిలికాన్ గీత చూడండి. అది చీలిందంటే లోపల స్క్రూ కదులుతోంది.