కొవ్వు పెరిగినా శాతం తగ్గుతుంది

కవలపిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్నారనుకుందాం. పదకొండో ఏట అబ్బాయి బరువు 35 కిలోలు, అందులో కొవ్వు 7 కిలోలు. అమ్మాయి 36 కిలోలు, కొవ్వు 8 కిలోలు. అంటే అతని కొవ్వు 20 శాతం, ఆమెది 22 శాతం. ఈ వయసులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఇవి లెక్క కోసం నేను ఎంచుకున్న అంకెలు, కానీ మామూలు పిల్లల్లో కనిపించే తీరుకు దగ్గరగానే ఉంటాయి.

అయిదేళ్ళు గడిచాయి. పదహారో ఏట అబ్బాయి 58 కిలోలున్నాడు, కొవ్వు 9 కిలోలు. అమ్మాయి 50 కిలోలు, కొవ్వు పదమూడున్నర. ఇప్పుడు శాతం కడితే అతనిది పదిహేనున్నర, ఆమెది 27. ఇంట్లోవాళ్ళు చదివేది ఈ రెండు అంకెలే కాబట్టి, వాడు సన్నబడ్డాడు, ఈ పిల్ల ఒళ్ళు చేసింది అనేస్తారు. కానీ వాడి ఒంట్లో కొవ్వు తగ్గనే లేదు, రెండు కిలోలు పెరిగింది. కొవ్వు కాని బరువు, అంటే కండ, ఎముక, అవయవాలు, వాటిలోని నీరు, 28 కిలోల నుంచి 49కి చేరింది. కింద భాగించే అంకె అంత పెద్దదయ్యేసరికి పైన కొవ్వు పెరిగినా శాతం పడిపోయింది. అమ్మాయికి కొవ్వు అయిదున్నర కిలోలు పెరిగిన మాట నిజమే. దానికంటే ఎక్కువగా, ఎనిమిదిన్నర కిలోల కండా ఎముకా కూడా పెరిగాయి. శాతం ఆ సంగతి చెప్పదు.

పొడవును బట్టి బరువు ఎంతుండాలో చెప్పే బీఎమ్‌ఐ కూడా ఇక్కడ అక్కరకు రాదు. పదహారో ఏట అబ్బాయి పొడవు 168 సెంటీమీటర్లు, అమ్మాయి 157 అనుకుంటే ఇద్దరి బీఎమ్‌ఐ దాదాపు ఒకటే, ఇరవైన్నరకు అటూ ఇటూ. ఒకే బీఎమ్‌ఐ కింద రెండు వేరువేరు ఒళ్ళు ఉన్నాయన్నమాట.

ఈ దారులు చీలడానికి కారణం హార్మోన్లు. అబ్బాయిల్లో వృషణాలు పనిచేయడం మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ పదుల రెట్లు పెరుగుతుంది. అది కండరాల్లో ప్రొటీన్ తయారీని పెంచి కండను మందం చేస్తుంది, ఎముకను గట్టిపరుస్తుంది, కొత్త కొవ్వు చేరడాన్ని కొంత అడ్డుకుంటుంది. అదే సమయంలో ఎదుగుదల హార్మోను కూడా ఎక్కువగా ఊరుతుంది. అమ్మాయిల్లో ఈస్ట్రోజెన్ ఎదుగుదల హార్మోనును పెంచుతూనే, తొడల చుట్టూ, పిరుదుల మీద, రొమ్ముల్లో కొవ్వును నిలవేస్తుంది. గర్భం, చనుబాలు అనే పనులకు శరీరం చేసుకునే ముందస్తు ఏర్పాటు ఇదని శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంటారు. ఎలా చూసినా ఇది రోగం కాదు, తిండి ఎక్కువైన గుర్తూ కాదు.

సమయం కూడా తేడాగా నడుస్తుంది. అమ్మాయిలు పన్నెండో ఏట, అబ్బాయిలు పద్నాలుగో ఏట, సగటున, అత్యంత వేగంగా పొడవు సాగుతారు. అబ్బాయిలకు కండ ఆ సాగుడు తర్వాత కూడా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది. అమ్మాయిల్లో అది పదిహేను, పదహారుకల్లా నెమ్మదిస్తుంది. చాలామంది అబ్బాయిలు పొడవు సాగే ముందు కాస్త బొద్దుగా కనిపిస్తారు. అప్పుడు తీసిన కొవ్వు శాతాన్ని చూసి కంగారుపడి అన్నం తగ్గించడం అనవసరం.

అలాగని అబ్బాయి శాతం తగ్గకపోతే చింత లేదనుకోవడమూ పొరపాటే. మన కవల అబ్బాయి పదహారో ఏట కూడా 20 శాతమే చూపించాడనుకోండి. మారలేదు కదా అని వదిలేస్తాం. కానీ 49 కిలోల కండా ఎముకా ఉన్నవాడికి 20 శాతం అంటే పన్నెండు కిలోల పైచిలుకు కొవ్వు. మొదట ఉన్న ఏడుకు ఇంకా అయిదు కిలోలు కలిసిందన్నమాట. అబ్బాయిల్లో ఈ వయసులో నిలకడగా ఉన్న శాతం వెనక నిజమైన పెరుగుదల దాక్కోవచ్చు. అందుకే శాతంతో పాటు కొవ్వును కిలోల్లో లెక్కేసుకోవాలి. బరువును శాతంతో గుణించి వందతో భాగిస్తే చాలు.

ఇప్పుడు యంత్రం సంగతి. ఇళ్ళలోనూ జిమ్ములలోనూ ఉండే స్మార్ట్ స్కేలు కొవ్వును తూచదు. పాదాల కింది లోహపు పలకల ద్వారా మనకు తెలియనంత సన్నని కరెంటును ఒంట్లోకి పంపుతుంది. నీరూ లవణాలూ ఉన్న కండ గుండా అది సులువుగా పోతుంది, కొవ్వు దాన్ని అడ్డుకుంటుంది. ఎంత అడ్డు తగిలిందో చూసి, పొడవునూ వయసునూ కలిపి, ఒంట్లో నీరెంతో అంచనా వేస్తుంది. నీటి నుంచి కొవ్వు కాని బరువుకు వెళ్ళడానికి ఒక ఊహ కావాలి. పెద్దల్లో ఆ బరువులో దాదాపు 73 శాతం నీరే. పాతకాలపు సూత్రాలు ఈ అంకెనే పెట్టుకుంటాయి.

పిల్లల కండ అలా ఉండదు. దానిలో నీరు ఎక్కువ, ప్రొటీనూ ఖనిజాలూ తక్కువ. పదేళ్ళ అబ్బాయిల్లో నీరు దాదాపు 75 శాతం, అమ్మాయిల్లో 77కు దగ్గర. యవ్వనం సాగేకొద్దీ అది పెద్దల అంకె వైపు దిగుతుంది. మన అమ్మాయి పదకొండో ఏట 28 కిలోల్లో 76.5 శాతం నీరు అనుకుంటే 21.4 కిలోలు అవుతుంది. యంత్రం దాన్ని 73 శాతం చొప్పున లెక్కగడితే కొవ్వు కాని బరువు 29.3 కిలోలని తేలుతుంది, కొవ్వు 6.7 మాత్రమే మిగులుతుంది. నిజంగా 22 ఉన్న చోట 19కి దగ్గరగా చూపిస్తుందన్నమాట. పదహారుకల్లా ఆమె కండ పెద్దల స్థాయికి వచ్చిందనుకుంటే అప్పుడు 27 సరిగ్గానే చూపిస్తుంది. అంటే నిజంగా అయిదు అంకెలు పెరిగితే యంత్రం ఎనిమిది పైన పెరిగిందని చెప్పింది. అబ్బాయికి 20 ఉండగా 18కి దగ్గరగా చూపించి, తర్వాత పదిహేనున్నర చూపుతుంది. అతని తగ్గుదల ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

నీటిలో ముంచి శరీర సాంద్రత కొలిచే పాత ప్రయోగశాల పద్ధతిలో ఈ పొరపాటు తిరగబడుతుంది. పిల్లల కండ పెద్దలదానికంటే కాస్త తేలిక కనుక, పెద్దల సూత్రం ఆ తేలికను కొవ్వుగా లెక్కేస్తుంది. ఒకే బిడ్డకు ఒక పద్ధతి తక్కువ, ఇంకొకటి ఎక్కువ చెబుతాయి. అమెరికా పరిశోధకుడు టిమొతీ లోమన్ 1980లలో వయసు వారీగా, ఆడామగా వేరుచేసి సవరించిన సూత్రాలు ఇచ్చింది ఇందుకే. సవరణ ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. యంత్రం వయసు అడుగుతుంది కానీ యవ్వనం ఎంతవరకు వచ్చిందో అడగదు. ఒకే తరగతిలో, ఒకే పుట్టినరోజున్న ఇద్దరు పదమూడేళ్ళ అబ్బాయిల్లో ఒకడికి గొంతు మారి మీసం మొలుస్తుంటే, రెండోవాడు ఇంకా చిన్నపిల్లాడిలానే ఉండవచ్చు. వాళ్ళిద్దరికీ ఒకే సూత్రం వాడుతుంది.

వేరువేరు యంత్రాల అంకెలను పోల్చుకోవద్దు. ఒకే యంత్రం మీద, ఉదయాన్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు కొలిచి ఆరు నెలల తేడాలో చూస్తే కొంత అర్థం ఉంటుంది. రోజువారీ ఎగుడుదిగుడులు చాలావరకు నీటి ఎగుడుదిగుళ్ళే. పొడవు, నడుము చుట్టుకొలత కూడా రాసుకుంటే శాతం దాచేది కొంత బయటపడుతుంది. ఇక సాధారణ హద్దు అంటూ పెద్దల పట్టికను తెచ్చి పదమూడేళ్ళ అమ్మాయికి అంటించకూడదు. అలా అంటించినచోటే డైటింగ్ మొదలవుతుంది. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండా పోతుంది, నెలసరి ఆగిపోవచ్చు, ఎముక బలపడాల్సిన ఏళ్ళు వృథా కావచ్చు.

పిల్లల కోసం వేరే వక్రరేఖలు ఉన్నాయి. 2006లో మెకార్తీ, కోల్ తదితరులు 5 నుంచి 18 ఏళ్ళ వరకు అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా ప్రచురించిన పట్టికలు అలాంటివే. వాటిలో అమ్మాయిల రేఖ యవ్వనంలో పైకి సాగుతుంది, అబ్బాయిలది కిందికి వంగుతుంది. అవి బ్రిటన్‌లోని తెల్లజాతి పిల్లలను ఒక రకం కరెంటు యంత్రంతో కొలిచి గీసినవి. ఒకే బీఎమ్‌ఐ వద్ద భారతీయుల ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉంటుంది కాబట్టి మన పిల్లల అంకెను ఆ రేఖ మీద పెట్టేటప్పుడు, అది ఏ యంత్రంతో వచ్చిందో, ఎవరి పిల్లల కోసం గీసిన రేఖో డాక్టరును అడగాలి.