కుళాయి నీటి ధర

బెంగళూరులో కుళాయి ఉన్న ప్రతి ఇంటికీ నెలకొకసారి నీటి బిల్లు వస్తుంది. చాలామంది అందులో కట్టవలసిన మొత్తాన్ని మాత్రమే చూస్తారు. నిజానికి దానిలో చూడదగిన అంకె మరొకటి ఉంది. ఆ నెలలో ఎన్ని కిలోలీటర్ల నీరు వాడారో అందులో రాసి ఉంటుంది. కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు. మామూలు ప్లాస్టిక్ బిందెలతో కొలిస్తే అది దాదాపు అరవై డెబ్బై బిందెల నీరు.

2014 నవంబరులో అక్కడి జలమండలి నిర్ణయించిన ధరలు 2025 ఏప్రిల్ వరకు పదేళ్ళకు పైగా మారకుండా ఉండిపోయాయి. ఇంటి వాడకంలో మొదటి 8 కిలోలీటర్లకు ఒక్కొక్కదానికి 7 రూపాయలు. ఆ పైన 25 వరకు 11 రూపాయలు, 50 వరకు 26 రూపాయలు, అంతకు మించితే 45 రూపాయలు. నలుగురున్న ఒక ఇంట్లో నెలకు 16 కిలోలీటర్లు వాడారనుకుందాం. మొదటి ఎనిమిదింటికి 56 రూపాయలు, మిగిలిన ఎనిమిదింటికి 88 రూపాయలు, మొత్తం 144 రూపాయలు. మురుగునీటి రుసుము వంటివి దీనికి వేరుగా చేరతాయి. ఇంటిల్లిపాదికీ నెల పొడుగునా తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి, బట్టలకు సరిపడే నీటి ధర అది.

ఈ ధర ఎక్కువా, తక్కువా? నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తేగాని తేలదు.

బెంగళూరు పక్కన పెద్ద నది లేదు. పూర్వం హెసరఘట్ట చెరువు, తరువాత తిప్పగొండనహళ్ళి జలాశయం ఊరికి నీరిచ్చాయి. ఊరు పెరిగి అవి చాలకపోవడంతో 1974లో కావేరి నీటిని తెచ్చారు. కావేరి అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. దూరం కన్నా పెద్ద చిక్కు ఎత్తు. నది పల్లంలో ఉంది, నగరం పీఠభూమి మీద ఉంది. అందువల్ల నీటిని మళవళ్ళి దగ్గరి తొరెకాడనహళ్ళిలో శుద్ధి చేసి, అక్కడ ఒకసారి, హారోహళ్ళిలో మరొకసారి, తాతగుణిలో ఇంకొకసారి పంపులతో పైకి ఎక్కిస్తారు. మొత్తం ఎత్తు సుమారు 500 మీటర్లు.

దీనికయ్యే కరెంటును మీరే లెక్కవేయవచ్చు. కిలోలీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. దానిని 500 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి దాదాపు ఒకటీ మూడో వంతు యూనిట్లు. పంపుల్లో, గొట్టాల్లో వృథా అయ్యే శక్తిని కూడా కలిపితే సుమారు రెండు యూనిట్లవుతుంది. యూనిటు 6 రూపాయలనుకుంటే, కిలోలీటరును కొండ ఎక్కించినందుకే 12 రూపాయలు. శుద్ధికి, జీతాలకు, గొట్టాల మరమ్మతుకు, తెచ్చిన అప్పులకు అయ్యేది ఇంకా కలపలేదు. ఆ నీటిని మొదటి అంచెలో 7 రూపాయలకు, రెండవ అంచెలో 11 రూపాయలకు అమ్మేవారన్న మాట. దుకాణాలు, పరిశ్రమలు ఇళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ధర కడతాయి కాబట్టి లోటు కొంత పూడుతుంది.

లోటుకు మరొక కారణం ఉంది. అది బిల్లులో కనిపించదు. పంపిన నీరంతా అమ్ముడుపోదు. ఊరిలోకి వదిలిన నీటికీ, బిల్లు వేసిన నీటికీ ఉన్న తేడాను రాబడి లేని నీరు అంటారు. బెంగళూరులో 2010 తరువాతి సంవత్సరాలలో ఇది సరఫరాలో సగానికి దగ్గరగా ఉండేది. పాత గొట్టాలు మార్చడం, కారే చోట్లు వెతికి పూడ్చడం వంటి పనుల వల్ల ఆ తరువాత తగ్గింది.

సగం నీరు రాబడి లేకుండా పోతే ఏమవుతుందో ఇందాకటి లెక్కలోనే చూడండి. ఒక కిలోలీటరు అమ్మాలంటే రెండు కిలోలీటర్లు ఎక్కించాలి. అప్పుడు అమ్మిన ప్రతి కిలోలీటరు మీద కరెంటు ఖర్చు 12 కాదు, 24 రూపాయలు. పోయే నీటిని పావు వంతుకు తగ్గించగలిగితే అదే ఖర్చు 16 రూపాయలకు దిగుతుంది. ధర పైసా పెంచకుండానే వచ్చే లాభం ఇది.

అయితే ‘పోయిన’ నీరంతా ఒకే తీరుగా పోదు. కొంత నిజంగానే గొట్టాల అతుకుల దగ్గర భూమిలోకి కారిపోతుంది. నిమిషానికి ఒక్క లీటరు చొప్పున కారే చిన్న చిల్లు నెలకు 43 కిలోలీటర్లు మింగుతుంది. మనం చెప్పుకున్న ఇంటివంటి రెండు ఇళ్ళకు సరిపోయి ఇంకా మిగిలే నీరది. రోడ్డు మీద ఫౌంటెనులా చిమ్మే నీటిని ఎవరో ఒకరు చూసి చెబుతారు, ఆ రోజో మరునాడో బాగుచేస్తారు. భూమి లోపల చడీచప్పుడూ లేకుండా ఏళ్ళ తరబడి కారేదే ఎక్కువ నష్టం.

మరికొంత నీరు జనానికి చేరుతుంది, లెక్కకు మాత్రం చేరదు. అనుమతి లేని కుళాయిలు ఒక దారి. ముసలిదైన మీటరు మరొక దారి. మీటరు లోపలి చక్రం ఏళ్ళు గడిచేకొద్దీ మందగిస్తుంది. ఇంటి సంపు నిండవచ్చినప్పుడు తేలుడుబంతి నీటిని సన్నని ధారగా మారుస్తుంది. ఆ సన్నధారకు పాత మీటరు కదలనే కదలదు. దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది. రోజు విడిచి రోజు నీరొచ్చే చోట ఖాళీ గొట్టంలో గాలి నిండి ఉంటుంది. నీరు వదలగానే ముందు ఆ గాలి తోసుకు వచ్చి మీటరును తిప్పుతుంది. గాలికి కూడా బిల్లు వేస్తున్నారని జనం గొణుక్కోవడం ఉత్త మాట కాదు.

దొంగ కుళాయి నీరు నగరానికి నష్టమా అన్నది ఆలోచించవలసిన ప్రశ్నే. ఆ నీటిని ఎవరో తాగుతూనే ఉన్నారు. నష్టం నీటికి కాదు, పద్దుకు. కారిపోయే నీటి విషయంలో రెండూ నష్టమే. అందుకే ఈ రెండింటినీ విడదీయకుండా ‘ఇంత శాతం నీరు వృథా’ అని రాసే వార్తలను కాస్త జాగ్రత్తగా చదవాలి.

భూమిలో కారేదాన్ని ఎలా పట్టుకుంటారు? ఒక పేటకు వెళ్ళే నీరంతా ఒకే గొట్టం గుండా పోయేటట్లు మిగిలిన దారులు మూసి, అక్కడ పెద్ద మీటరు బిగిస్తారు. రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఊరు నిద్రపోతుంది, కుళాయిలు తిప్పేవారు ఉండరు. అప్పుడు కూడా మీటరు జోరుగా తిరుగుతోందంటే నీరు ఇళ్ళకు కాక మట్టిలోకి పోతోందని అర్థం. తరువాత గొట్టం వెంబడి నడుస్తూ, చప్పుడు వినే కడ్డీని చెవికి ఆనించి, కారే చోటు ఎక్కడో గుర్తిస్తారు. అయితే ఈ ఉపాయం ఇరవై నాలుగు గంటలూ నీరుండే ఊళ్ళలో పనిచేసినంత చక్కగా మన ఊళ్ళలో పనిచేయదు. మన ఇళ్ళలో సంపులుంటాయి. అర్ధరాత్రి నీరు వదిలితే ఇంటివారు నిద్రపోతున్నా సంపు మాత్రం నిండుతూ ఉంటుంది. అందుకని పరీక్ష నాడు ఇళ్ళ కుళాయిలన్నీ కట్టివేయాలి. ఇక మీటర్లే లేక నెలకింత అని కట్టించుకునే పట్టణాల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ ఎంత పోతోందో ఉజ్జాయింపుగా చెప్పవలసిందే.

ఖర్చు ఇంతగా ఉన్నప్పుడు ధర ఎందుకు పెంచరని మీకు అనిపించవచ్చు. చాలా పట్టణాల్లో నీటి రుసుము పురపాలక సంఘం నిర్ణయిస్తుంది. బెంగళూరులో జలమండలి నిర్ణయించినా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఎక్కడైనా చివరి మాట వోట్లు అడగవలసిన వారిదే. ధర పెంచిన రోజున దాని భారం ప్రతి ఇంటికీ తెలుస్తుంది. పెంచకపోవడం వల్ల జరిగే నష్టం అలా తెలియదు. మార్చని గొట్టం, తిరగని మీటరు, శివారు పేటకు వేయని లైను ఎవరి బిల్లులోనూ కనిపించవు. ఎన్నికల ముందు ఏడాది ఎలాగూ పెంచరు. గెలిచిన ఏడాది ఎందుకులే అనుకుంటారు. వరస ఎన్నికలున్న చోట పెంచడానికి అనువైన ఏడాది దొరకడమే కష్టం.

జనం అభ్యంతరంలోనూ న్యాయం ఉంది. వారానికి రెండు మూడు రోజులు, అదీ వేళాపాళా లేకుండా నీరొచ్చే పేటలో ఎక్కువ ధర ఎందుకు కట్టాలి? కారిపోయే నీటి ఖర్చును, సక్రమంగా బిల్లు కట్టేవాడి నెత్తిన రుద్దడం ధర్మమా? అధికారులేమో డబ్బిస్తే గొట్టాలు మారుస్తామంటారు, జనం గొట్టాలు మారిస్తే డబ్బిస్తామంటారు. ఇద్దరి మాటా తప్పు కాదు, అందుకే ఏళ్ళు గడిచిపోతాయి.

పేదల కోసమే ధర తక్కువగా ఉంచామన్న వాదం మాత్రం నాకు పూర్తిగా సరైనదిగా తోచదు. తక్కువ ధర కుళాయి ఉన్నవారికే అందుతుంది. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, కుళాయిలు లేని శివార్లలో జనం ట్యాంకర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ మార్చిలో ప్రభుత్వం ట్యాంకరు ధరలకు హద్దు పెట్టింది. ఐదు కిలోమీటర్ల లోపు 6000 లీటర్లకు 600 రూపాయలు. అంటే కిలోలీటరు 100 రూపాయలు. అదే నెలలో కుళాయి ఉన్న ఇల్లు మొదటి అంచెలో 7 రూపాయలే కట్టింది. అంచెల పద్ధతిలో ఇంకొక లోపమూ ఉంది. ఒకే మీటరు మీద నాలుగు కుటుంబాలు అద్దెకున్న వఠారంలో అందరి వాడకం కలిసి పై అంచెలోకి ఎక్కుతుంది. తోట తడిపే ఒంటి ఇంటికి వేసే ధరే వారికీ పడుతుంది.

చివరకు 2025 ఏప్రిల్‌లో బెంగళూరులో ధరలు పెంచారు. మొదటి అంచెలో లీటరుకు పైసాలో 15 శాతం, అంటే కిలోలీటరుకు రూపాయిన్నర. అన్నిటికన్నా పై అంచెలో లీటరుకు ఒక పైసా, అంటే కిలోలీటరుకు 10 రూపాయలు. పదేళ్ళు ఆగి ఒక్కసారిగా పెంచడం వల్ల పత్రికల్లో దానిపై పెద్ద చర్చే జరిగింది. ఆ ఉత్తర్వులోనే ఇకపై ఏటా 3 శాతం పెంచుతారన్న నియమం కూడా చేర్చారు. ఎనిమిదిన్నర రూపాయల మీద 3 శాతం అంటే పావలా. పావలా పెంపు పత్రికకెక్కదు. అయితే ఆ పావలా ఎక్కిన నీటిలో కూడా దారిలో పోయే వాటా పోతూనే ఉంటుంది, కరెంటు దానికీ ఖర్చవుతుంది. గొట్టాల్లో ఒత్తిడి పెరిగితే కారడమూ పెరుగుతుంది. 2024 అక్టోబరులో మొదలైన కావేరి ఐదవ దశ రోజుకు మరో 77 కోట్ల 50 లక్షల లీటర్ల నీటిని అదే కొండ మీదికి ఎక్కించడానికి ఉద్దేశించినది.