‘ఎంత అక్కా?’ అని అడిగితే మగ్గం షాపు ఏం చెప్పాలి?

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ మగ్గం వర్క్ చేయించే షాపుల ఫోన్లకు ఒకే తీరు మెసేజ్‌లు వస్తుంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో దొరికిన పెళ్లికూతురి జాకెట్టు ఫొటో, దాని కింద ‘ఎంత అక్కా?’ అన్న రెండు మాటలు. పెళ్లి ఎప్పుడో, గుడ్డ ఎవరిదో, కుట్టుకూలి కలపాలో వద్దో అందులో ఉండదు.

అలా అడగడంలో తప్పేమీ లేదు. తన స్తోమతకు అందుతుందో లేదో ముందు తెలుసుకోవాలనుకోవడం కొనేవాళ్లకు సహజం. చిక్కల్లా జవాబుతోనే. మగ్గం వర్క్‌లో ధరను తేల్చేది ఎక్కువగా మనిషి పని. గుడ్డను చెక్క చట్రానికి బిగించి, కొక్కెం సూదితో కింది నుంచి దారం లాగుతూ కుట్టు వెంట కుట్టు వేస్తారు. జర్దోసీ అయితే చుట్టలా ఉండే సన్నటి తీగను చిన్న ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికి ఎక్కించి కుడతారు. అదే తీగను, అదే పువ్వును దారంతో నింపితే ఒక ధర, జర్దోసీతో, కుందన్లతో నింపితే వేరే ధర. పైగా ఫొటోలో వీపు మాత్రమే కనిపిస్తుంది. ముందు మెడకు వర్క్ ఉందో లేదో, చెయ్యి మోచేతి దాకా ఉందో పైకే ఆగిందో తెలియదు. ఒక్కోసారి అది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కూడా కావచ్చు.

లెక్క తీరు తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మగ్గం వర్కర్ రోజు కూలి 900 రూపాయలు అనుకుందాం. ఫొటోలో ఉన్నట్టు మోచేతి దాకా నిండు చేతులు, రెండు వైపులా మెడ చేయడానికి ఒక మనిషికి పది రోజులు పడితే కూలి 9,000. సామాను 2,000, లైనింగ్‌తో కుట్టడానికి 800 కలిపితే 11,800. షాపు ఖర్చు, లాభం చేరితే దాదాపు 14,000. అదే డిజైన్‌ను చేతుల అంచుకూ వెనక మెడకూ సరిపెడితే నాలుగు రోజుల కూలి 3,600, సామాను 700, కుట్టుకూలి 800, మొత్తం 5,100. దాన్ని ఆరు వేలకు ఇవ్వొచ్చు. ఫొటో ఒక్కటే, ధర మాత్రం సగానికి పైగా తగ్గింది. ఏమీ అడగకుండా పద్నాలుగు వేలు అనేస్తే, అంచు వర్క్ చాలనుకున్న మనిషి మారు మాట్లాడకుండా వెళ్లిపోతుంది. ఆరు వేలు అనేస్తే, నిండు చేతులు కోరుకున్న మనిషితో తర్వాత గొడవ ఖాయం.

అలాగని ధర ఊసే ఎత్తకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసినా అవతలివాళ్లకు విసుగు పుడుతుంది. ‘మీ బడ్జెట్ ఎంత?’ అని మొదటే అడిగితే, ఎంత చెబితే అంతా లాగేస్తారేమోనన్న అనుమానం కూడా వస్తుంది. అందుకే మొదటి జవాబులోనే సుమారు ధర చెప్పి, దాని వెంటే మూడు ప్రశ్నలు అడగడం మేలు:

‘నమస్తే అమ్మా. ఈ డిజైన్ వర్క్‌ను బట్టి 6 వేల నుంచి 14 వేల దాకా అవుతుంది. సరిగ్గా ఎంతో చెప్పాలంటే, ఏ తేదీకి కావాలి? ఫొటోలో ఉన్నంత వర్క్ కావాలా, చేతులకూ వెనక మెడకూ అంచు చాలా? గుడ్డ మీరిస్తారా, కుట్టడం కూడా మేమే చేయాలా?’

తేదీని ముందు అడగడానికి కారణం ఉంది. పది రోజుల పనిని వారంలో అడిగితే ఇద్దరు వర్కర్లను కూర్చోబెట్టాలి, లేదా వర్క్ తగ్గించాలి. మగ్గాలన్నీ నిండి ఉంటే ధర చెప్పి ప్రయోజనమే లేదు. మిగతా రెండు ప్రశ్నలకు అడిగిన మనిషి ‘అంచు చాలు, గుడ్డ మాదే’ అన్నా సరిపోతుంది. ‘మీకు ఎలాంటి వర్క్ కావాలి?’ అని వదిలేస్తే, వర్క్‌ల పేర్లు తెలియనివాళ్లు ఏం రాయాలో తోచక ఊరుకుంటారు. వాట్సాప్ బిజినెస్ వాడేవాళ్లు ఈ మెసేజ్‌ను క్విక్ రిప్లైలో `/rate` అన్న పేరుతో దాచుకుంటే ప్రతిసారీ టైపు చేసే పని ఉండదు. కాకపోతే వచ్చిన ఫొటోను చూసి, పంపే ముందు అంకెలు మార్చుకోవాలి.

జవాబులు వచ్చాక చెప్పే ధర ఒక్కటే ఉండాలి. ఎక్కడెక్కడ వర్క్, ఏ సామాను, లైనింగ్, కుట్టుకూలి కలిపారా, అడ్వాన్స్ ఎంత, ఏ రోజు ఇస్తారు అన్నవన్నీ దానితోపాటే రాయాలి. మెడ ఆకారం, లోతు కూడా అప్పుడే ఖాయం చేసుకుని, ఆది జాకెట్టు తెప్పించుకోవాలి. ఎందుకంటే గుడ్డను మగ్గానికి ఎక్కించే ముందే కొలతల ప్రకారం మెడ గీత గీస్తారు, వర్క్ ఆ గీత వెంటే సాగుతుంది. సగం పనయ్యాక మెడ లోతు పెంచమంటే చేసిన వర్క్‌ను కోయాల్సి వస్తుంది. ముందు మెడకు ఒక వరుస పూసలు చేర్చమంటే, గుడ్డ మగ్గం మీద ఉన్నంతవరకు అది ఒకటి రెండు పూటల అదనపు కూలితో తేలుతుంది. కత్తిరించి జాకెట్టు కుట్టేశాక దాన్ని మళ్లీ మగ్గానికి బిగించడం కష్టం. అప్పుడు విడిగా చేత్తో కుట్టాలి, దాని ధర వేరుగా చెప్పాలి.