రెండే అంకెల లోకంలో ఆరో పరిమాణపు బహుపదులు

0, 1 అనే రెండే మూలకాలున్న క్షేత్రంలో 1+1=0. ఇక్కడ ప్రధాన గుణకం 1 తప్ప మరొకటి కాలేదు కాబట్టి ప్రతి బహుపదీ మోనిక్ బహుపదే. వీటిలో x⁶+x+1 లాగా చిన్న పరిమాణపు కారణాంకాలుగా విడిపోనివి, అంటే అవిభాజ్యమైనవి, ఆరో పరిమాణంలో ఎన్ని?

ఒక్కొక్కదాన్నీ పరీక్షించనక్కర లేదు. అటువంటి బహుపది మూలాలన్నీ 64 మూలకాల క్షేత్రంలోనే ఉంటాయి. ఒక మూలం a అయితే a, a², a⁴, a⁸, a¹⁶, a³² అనే ఆరు వేర్వేరు మూలాలూ దానివే. ఏ మూలకమైనా రెండు అవిభాజ్య బహుపదులకు మూలం కాలేదు. అందువల్ల తగిన మూలకాలను లెక్కించి 6తో భాగిస్తే చాలు.

తగనివి ఏవి? చిన్న ఉపక్షేత్రంలో ఉన్నవి. 6ను భాగించే 1, 2, 3లకు వరుసగా 2, 4, 8 మూలకాల ఉపక్షేత్రాలున్నాయి. అసలు మెలిక ఇక్కడే ఉంది: 4 మూలకాలదీ 8 మూలకాలదీ ఒకదానిలో ఒకటి ఇమడవు, కానీ 0, 1 రెండింటిలోనూ ఉన్నాయి. 4+8 తీసేస్తే 52 మిగులుతుంది. అది 6తో భాగింపబడదు, పొరపాటు అక్కడే బయటపడుతుంది. రెండుసార్లు తీసిన 2ను తిరిగి కలిపితే 64−4−8+2=54. ఆరుతో భాగిస్తే 9.

ఐదో పరిమాణానికి ఈ చిక్కు లేదు. 5 ప్రధాన సంఖ్య, తీసేయవలసినవి 0, 1 మాత్రమే: (32−2)/5=6.