పొద్దు వాలేలోపే పొయ్యి పని

మహారాష్ట్ర కొంకణ తీరంలో ఒకప్పుడు గానుగాడించి నూనె తీసుకుని బతికే యూదులు ఉండేవారు. వాళ్లని బెనె ఇజ్రాయెల్ అంటారు. మాట్లాడేది మరాఠీ, కట్టేది అక్కడి చీరలే. శనివారం వస్తే మాత్రం గానుగ కదలనిచ్చేవారు కాదు. దాంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాళ్లకి 'శనివార్ తేలీ' అని పేరు పెట్టేశారు. శనివారం పని మానుకునే తెలికలవాళ్లన్నమాట. మిగతా యూదు లోకంతో ఎన్నో తరాలు పెద్దగా రాకపోకలు లేకపోయినా ఈ ఒక్క ఆచారాన్ని వాళ్లు వదులుకోలేదు.

ఆ రోజే షబ్బత్. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించేదాకా, అంటే దాదాపు 25 గంటలు సాగుతుంది. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడని బైబిల్ చెబుతుంది. పది ఆజ్ఞల్లో ఈ దినాన్ని పాటించమనేదీ ఒకటి. అయితే ఆ రోజున ఏ పని చేయకూడదో బైబిల్లో వివరంగా లేదు. ఆ లెక్క తేల్చింది తర్వాతి కాలపు మతపండితులు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనంలో 39 రకాల పనుల జాబితా ఉంది. దున్నడం, విత్తడం, పిండి కలపడం, రొట్టె కాల్చడం, నేయడం, ముడి వేయడం, రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం ఇలా సాగుతుంది. ఎడారిలో ఇశ్రాయేలీయులు దేవుడి గుడారాన్ని కట్టడానికి చేసిన పనులివేనని సంప్రదాయం.

బయటివాళ్లు తికమకపడేది ఇక్కడే. ఇందులో ఒంటికి పడే శ్రమతో నిమిత్తం లేదు. ఇంట్లో బరువైన బల్లని ఈ గదిలోంచి ఆ గదిలోకి ఈడ్చుకుపోయినా నియమం తప్పినట్టు కాదు. అగ్గిపుల్ల గీస్తే తప్పినట్టే. ఉన్న వస్తువుని మార్చి మరొకటి చేయడం, లేనిదాన్ని పుట్టించడం, అదీ నిషిద్ధం. మరి నిప్పు ముట్టుకోకుండా, వంట చేయకుండా శనివారం మధ్యాహ్నం వేడి వేడి భోజనం ఎలా వస్తుంది? ఆచారం పాటించే యూదు ఇంట్లో శుక్రవారమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

జెరూసలేంలో ఒక శీతాకాలపు శుక్రవారం సంగతి చూద్దాం. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తే, జెరూసలేం ఆచారం ప్రకారం 40 నిమిషాల ముందే వెలిగించాలి. డిసెంబరు చివర్లో అది సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలోనే వచ్చేస్తుంది. ఊరంతా వినబడేలా సైరన్ మోగుతుంది. కాబట్టి ఇల్లాలు గురువారం రాత్రికే సగం పని తెముల్చుకుంటుంది. సంత సరుకు వచ్చేసి ఉంటుంది. జడలా అల్లి కాల్చే హల్లా రొట్టెలకి పిండి నానుతూ ఉంటుంది. పిండి ఎక్కువ మోతాదులో కలిపితే అందులోంచి చిన్న ముద్ద తీసి కాల్చేస్తారు. గుడిలో పూజారికి ఇవ్వాల్సిన వాటాకి గుర్తు అది. రొట్టెలు రెండు ఉండాలి. ఎడారిలో ఆకాశం నుంచి కురిసిన మన్నా శుక్రవారం రెండింతలు దొరికేదన్న కథే అందుకు కారణం.

అసలు కథ గిన్నెలో ఉంది. చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, మాంసం కలిపి శుక్రవారం మధ్యాహ్నమే పొయ్యి మీద పెడతారు. తూర్పు ఐరోపా యూదులు దీన్ని చోలెంట్ అంటారు, మధ్యప్రాచ్యం వాళ్లు హమీన్ అంటారు. ఈ కూర రాత్రంతా సన్నని వేడి మీద మగ్గి శనివారం మధ్యాహ్నానికి గోధుమ రంగు గుజ్జుగా తయారవుతుంది. పాతకాలంలో ఐరోపా పల్లెల్లో ఇంటింటి గిన్నెలూ రొట్టెలవాడి పొయ్యిలోకి చేరేవి. మర్నాడు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకునేవారు. ఇప్పుడు ఇజ్రాయెల్ ఇళ్లలో ఆ పనికి ప్లాటా అనే విద్యుత్ పళ్లెం ఉంది. దానికి వేడి పెంచే, తగ్గించే మీట ఉండదు. గ్యాసు పొయ్యి వాడేవాళ్లు బర్నర్ల మీద లోహపు రేకు పరిచి, మీటల్ని కూడా దానితోనే కప్పేస్తారు. పరధ్యానంలో చెయ్యి మంట పెంచడానికి పోతుందేమోనని ఈ జాగ్రత్త.

సూర్యాస్తమయానికల్లా కూర కనీసం తినగలిగేంతగా ఉడికి ఉండాలి. ఆ తర్వాత గరిటె పెట్టి కలపకూడదు, ఎందుకంటే కలిపితే ఉడుకు వేగం పెరుగుతుంది. సగం ఉడికిన గిన్నె మూత తీస్తే తిరిగి పెట్టడానికీ వీల్లేదు. మూత పెట్టడమూ వండటమే. తెల్లవారి చూస్తే నీరింకి అడుగంటుతోందనుకోండి, కుళాయి నీళ్లు పోయకూడదు. పొయ్యి మీదున్న కెటిల్‌లోని మరుగు నీళ్లు పోయవచ్చా అన్న దగ్గర పండితులు రెండు వర్గాలయ్యారు. అందుకే అనుభవమున్న ఇల్లాలు శుక్రవారమే రెండు గ్లాసుల నీళ్లు ఎక్కువ పోసి, బంగాళాదుంపలు మెత్తబడ్డాయో లేదో చూసుకుని మరీ దీపం వెలిగిస్తుంది.

టీ పెట్టుకోవడం ఇంకా సూక్ష్మం. నీళ్లు మరిగించే పెద్ద విద్యుత్ పాత్రని ముందే నింపి, షబ్బత్ రాకముందే మరగనిస్తారు. ఉదయం దాని కుళాయి తిప్పి ఒక పొడి కప్పులోకి నీళ్లు పట్టుకోవచ్చు. అందులో నేరుగా టీ ఆకు వేయకూడదు. టీ ఆకు ఇట్టే ఉడికిపోయే పదార్థం కాబట్టి అది వంట కిందికి వస్తుందని చాలామంది భయం. అందువల్ల ఆ నీళ్లని రెండో కప్పులోకి వంచి, కొంత వేడి తగ్గాక అందులో టీ సంచీ వేసుకుంటారు. మరీ జాగ్రత్తపడేవాళ్లు శుక్రవారమే చిక్కటి డికాషన్ కాచి పెట్టుకుని దాన్నే కలుపుకుంటారు. స్నానాలగది వేడినీళ్ల కుళాయీ ఇంతే. దాన్ని తిప్పితే గీజరులోకి చల్లనీళ్లు దిగి వేడెక్కుతాయి, అంటే మనం వాటిని కాచినట్టే.

మిష్నా కాలంలో కరెంటు ఎక్కడిది? ఆధునిక పండితులు దాన్ని నిప్పుకో, నిర్మాణానికో పోల్చి స్విచ్ వేయరాదని తేల్చారు. అందుకని లైట్లకి, ఏసీకి టైమర్లు బిగిస్తారు. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి బల్బు వెలుగుతుంది కాబట్టి శుక్రవారమే దాన్ని ఊడదీయాలి. ఇది మరిచిపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. కూరలన్నీ లోపల ఉండగా తలుపు ముందు నిలబడి మొహమొహాలు చూసుకోవాల్సి వస్తుంది. యూదులు కాని పొరుగువాణ్ని పిలిచి చేయించుకుందామన్నా 'ఆ స్విచ్ వెయ్యి' అని సూటిగా అడగడానికి సాధారణంగా ఒప్పుకోరు. ఒకప్పుడు ఇలాంటి సాయానికి పక్కింటి కుర్రాళ్లు ఉండేవారు. అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన కోలిన్ పావెల్ న్యూయార్క్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు అక్కడి యూదు ప్రార్థనాలయంలో లైట్లు వేసి ఆర్పిపెట్టేవాడు. కాయితం చింపడం కూడా నిషిద్ధమే కనుక, టాయిలెట్ పేపరు ముక్కల్ని ముందే చింపి పేర్చుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

దీపాల దగ్గర ఒక చిన్న తర్కం చూడముచ్చటగా ఉంటుంది. మామూలుగా ఏ క్రియకైనా ముందు మంత్రం, తర్వాత పని. ఇక్కడ మంత్రం చదివితే షబ్బత్ మొదలైపోయినట్టే, ఇక నిప్పు ముట్టుకోకూడదు. అందుకే ఐరోపా సంప్రదాయంలో ఇల్లాలు ముందు దీపాలు వెలిగిస్తుంది, రెండు చేతులతో కళ్లు మూసుకుంటుంది, మంత్రం చదివాక చేతులు తీసి వెలుగు చూస్తుంది. చూసే క్షణమే వెలిగించిన క్షణమని లెక్క. భోజనానికి కూర్చున్నాక ద్రాక్షారసం గిన్నె ఎత్తి ఇంటి పెద్ద కిద్దుష్ ప్రార్థన చదువుతాడు. అంతసేపూ రొట్టెల మీద గుడ్డ కప్పి ఉంచుతారు. తనకంటే ముందు ద్రాక్షారసానికి మర్యాద దక్కిందని రొట్టె చిన్నబుచ్చుకోకుండానట!

తినేటప్పుడూ నియమం వెంటే ఉంటుంది. మనం బియ్యంలో రాళ్లు ఏరుతామే, సరిగ్గా అది నిషిద్ధం. చెడ్డదాన్ని ఏరి పారేయకూడదు. మంచిదాన్ని చేత్తో తీసుకుని అప్పటికప్పుడు తినవచ్చు. దీంతో చేప ముళ్లు పెద్ద చిక్కు తెచ్చిపెట్టాయి. తూర్పు ఐరోపా యూదులు శుక్రవారమే చేపని ముళ్లు తీసి, నూరి, ఉండలుగా ఉడికించే గెఫిల్టె ఫిష్‌కి అంతగా అలవాటుపడటానికి ఈ నియమమూ ఒక కారణమని చెబుతారు.

ఇన్ని కట్టుబాట్లనీ ఒక్క క్షణంలో పక్కన పెట్టేసే సూత్రం ఒకటుంది. ప్రాణం మీదికి వస్తే షబ్బత్ లేదు. ఫోను తీయాలి, కారు నడపాలి, ఆసుపత్రికి పోవాలి. సందేహమున్నా సరే, ఆగి పండితుణ్ని అడుగుతూ కూర్చోకూడదు. పొయ్యిని రాత్రంతా వదిలేసే అలవాటులో ప్రమాదం లేకపోలేదు. 2015 మార్చిలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో షబ్బత్ కోసం వెలుగుతూ ఉంచిన హాట్‌ప్లేట్ నుంచి మంటలు లేచి ఒకే ఇంట్లో ఏడుగురు పిల్లలు చనిపోయారు. పడకగదులున్న అంతస్తుల్లో పొగని పసిగట్టే అలారం లేదని అగ్నిమాపక అధికారులు చెప్పారు. రేకు, ప్లాటా ఎంత ముఖ్యమో ఆ అలారమూ అంతే ముఖ్యమని ఆ ఇళ్లలో ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు.

యూదులందరూ ఇంత పట్టుగా ఉండరు. దీపం వెలిగించి, కుటుంబంతో భోంచేసి, ఆ తర్వాత టీవీ పెట్టుకునేవాళ్లు ఎందరో. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ పండితులు 1950లో ప్రార్థనకి వెళ్లడానికి కారు నడపవచ్చని తీర్పిచ్చారు. సనాతనులు దాన్ని ఒప్పుకోలేదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు మాట్లాడే చిన్న సమాజం తమని తాము యూదులుగా చెప్పుకుని శనివారం పాటిస్తోంది.

తెలంగాణ నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనుల్లో ఉన్నవాళ్లకీ, అమెరికాలో యూదు సహోద్యోగులున్నవాళ్లకీ ఇవి నిత్యం పనికొచ్చే సంగతులు. శుక్రవారం రాత్రి భోజనానికి ఎవరైనా పిలిస్తే, ఇంట్లో వండిన పదార్థం తీసుకెళ్లకండి, వాళ్ల ఆహార నియమాలకి అది కుదరకపోవచ్చు. పూలో, పండ్లో సాయంత్రం దీపాలు పెట్టకముందే పంపేయండి. గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు తట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, బాత్‌రూమ్‌లోంచి వస్తూ అలవాటు కొద్దీ లైటు ఆర్పేయకండి. ఆర్పితే శనివారం రాత్రిదాకా ఆ ఇంట్లో దాన్ని మళ్లీ వేసేవాళ్లు ఉండరు.