పాస్‌వర్డ్ మార్చే అధికారం ఎవరికి, ఎంతవరకు?

రాత్రి రెండు గంటలకు వార్డులో డ్యూటీలో ఉన్న నర్సు పాస్‌వర్డ్ మర్చిపోయింది. ఆసుపత్రికి ఉన్న ఒక్క ఐటీ ఉద్యోగి సాయంత్రమే ఇంటికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తినా ఇంటి నుంచి చేయలేడు. ఇలాంటప్పుడు జరిగేది ఒక్కటే: పక్క సిస్టర్ లాగిన్‌తో పని కానిచ్చేస్తారు. ఇంజెక్షన్ ఇచ్చింది ఒకరు, రికార్డుకెక్కిన పేరు మరొకరిది. రేపు ఆ డోసు మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది ఏ పాపమూ తెలియని మనిషి.

ఈ బాధ పడలేక చాలా సంస్థలు ఇంకో పొరపాటు చేస్తాయి. ‘మేడమ్, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి, అవసరమైతే వాడండి’ అని నర్సింగ్ సూపరింటెండెంట్ చేతిలో పెట్టేస్తాయి. ఆ పాస్‌వర్డ్‌తో నర్సుల లాగిన్‌లే కాదు, డాక్టర్లవి, అకౌంట్స్ వాళ్లవి, చివరికి ఎండీ గారిది కూడా మార్చేయవచ్చు. సర్వర్లు ఆపవచ్చు, ఖాతాలు చెరిపేయవచ్చు. మేడమ్ ఎంత మంచివారైనా ఆవిడ కంప్యూటర్‌లోకి ఒక వైరస్ దూరితే చాలు, ఆసుపత్రి మొత్తం దాని చేతికి చిక్కుతుంది.

ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉంది. తహసీల్దారు అధికారం మండలం పొలిమేర దగ్గర ఆగినట్టు, విభాగాధిపతి అధికారం కూడా తన మనుషుల దగ్గర, అదీ ఒకటి రెండు పనుల దగ్గర ఆగేలా కట్టడి చేయవచ్చు. మైక్రోసాఫ్ట్ 2000లో విండోస్ 2000తో పాటు తెచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉంది. అంతకుముందున్న విండోస్ ఎన్‌టీలో ఖాతాలన్నీ ఒకే కుప్ప. ఖాతాలు చూసుకునే అధికారం ఇస్తే దాదాపు ఆ కుప్ప మొత్తం మీద ఇవ్వాల్సిందే. యాక్టివ్ డైరెక్టరీ ఆ కుప్పను ఆర్గనైజేషనల్ యూనిట్లుగా విడదీసింది. వాడుకలో వీటిని ఓయూలు అంటారు. ఒక్కో ఓయూ మీద ఎవరికి ఏ పని చేసే హక్కు ఉందో విడివిడిగా రాసుకోవచ్చు.

హక్కు ఇచ్చే ముందు ఒక తేడా తెలియాలి. మన పాస్‌వర్డ్ మనమే మార్చుకునేటప్పుడు సిస్టమ్ పాతది అడుగుతుంది. రీసెట్ చేసేవాళ్లను మాత్రం పాతది అడగదు. అంటే నర్సు పాస్‌వర్డ్ రీసెట్ చేయగలిగిన మనిషి, కావాలనుకుంటే, కొత్త పాస్‌వర్డ్‌తో ఆ నర్సుగా లోపలికి వెళ్లగలరు. కాబట్టి ఒక ఓయూ మీద రీసెట్ హక్కు ఇస్తున్నామంటే, అందులో అందరికంటే ఎక్కువ అధికారం ఉన్న ఖాతా ఎంత చేయగలదో అంతా చేయగలిగే అవకాశం ఇస్తున్నట్టే. ఈ లెక్క మరిచిపోతే అడ్మిన్ హక్కు ఇవ్వలేదని మనం అనుకుంటూనే ఉంటాం, అది దొడ్డిదారిన వెళ్లిపోతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై మంది నర్సులున్న ఆసుపత్రి. సూపరింటెండెంట్ ఒకరు, రాత్రి షిఫ్టులు చూసే సూపర్‌వైజర్లు ఇద్దరు. ఈ ముగ్గురికే రీసెట్ హక్కు ఇవ్వాలి.

ఐటీ ఉద్యోగి మొదట Nursing అనే ఓయూ తయారుచేసి, నర్సుల ఖాతాలను అందులోకి మారుస్తాడు. ఈ ముగ్గురి ఖాతాలను మాత్రం అందులో పెట్టడు. పెడితే ఒక సూపర్‌వైజర్ మరొకరి పాస్‌వర్డ్ మార్చి, వాళ్ల పేరుతో లోపలికి వెళ్లి, అక్కడి నుంచి రీసెట్లు చేయవచ్చు. అప్పుడు ఎవరు చేశారన్న లెక్క తప్పుతుంది. తర్వాత Nursing-PwdReset అని ఒక గ్రూపు పెట్టి ముగ్గురినీ అందులో చేరుస్తాడు. హక్కు మనిషికి కాకుండా గ్రూపుకు ఇవ్వడంలో లాభం ఉంది. సూపర్‌వైజర్ ఉద్యోగం మానేస్తే గ్రూపులోంచి పేరు తీసేస్తే సరిపోతుంది, ఓయూ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇక అసలు పని. Active Directory Users and Computers తెరిచి, Nursing ఓయూ మీద రైట్ క్లిక్ చేసి Delegate Control ఎంచుకోవాలి. గ్రూపు పేరు ఇచ్చాక వచ్చే పనుల జాబితాలో Reset user passwords and force password change at next logon అనే దానికి టిక్ పెట్టి ముగించాలి. ఈ ఒక్క టిక్కుతో గ్రూపుకు రెండు హక్కులు వస్తాయి. ఒకటి రీసెట్ చేయడం. రెండోది, తర్వాతి లాగిన్‌లో నర్సు తన సొంత పాస్‌వర్డ్ పెట్టుకు తీరాలని షరతు పెట్టడం. ఈ రెండోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ దీనివల్లే సూపర్‌వైజర్ ఇచ్చిన తాత్కాలిక పాస్‌వర్డ్ ఒక్క లాగిన్‌తో చెల్లిపోతుంది. ఆ తర్వాతి పాస్‌వర్డ్ నర్సుకు తప్ప మరొకరికి తెలియదు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మొదటి రాత్రే చిక్కు బయటపడుతుంది. ఐదుసార్లు తప్పు కొడితే ఖాతా లాక్ అయ్యేలా ఆసుపత్రి నియమం పెట్టుకుందనుకుందాం. నర్సుకు పాస్‌వర్డ్ గుర్తుంది, కంగారులో తప్పు కొట్టి లాక్ చేసుకుంది. సూపర్‌వైజర్ అన్‌లాక్ చేయబోతే కుదరదు, ఎందుకంటే ఆ టిక్కులో అన్‌లాక్ హక్కు లేదు. దాన్ని lockoutTime అనే గుణం మీద విడిగా ఇవ్వాలి. ఒక కమాండ్‌తో అయిపోతుంది:

```
dsacls "OU=Nursing,DC=example,DC=com" /I:S /G "EXAMPLE\Nursing-PwdReset:RPWP;lockoutTime;user"
```

ఇందులో example బదులు ఆసుపత్రి డొమైన్ పేరు ఉంటుంది. RPWP అంటే ఆ గుణాన్ని చదవడానికి, రాయడానికి అనుమతి. చివర ఉన్న user వల్ల ఈ హక్కు మనుషుల ఖాతాలకే వర్తిస్తుంది, ఓయూలో ఉన్న కంప్యూటర్లకు కాదు.

హక్కు ఇవ్వడం ఎంత ముఖ్యమో అది ఎక్కడ ఆగుతుందో చూడటమూ అంతే ముఖ్యం. సూపర్‌వైజర్ లాగిన్‌తో కూర్చుని ఒక నర్సు పాస్‌వర్డ్ మార్చాలి, అది జరగాలి. తర్వాత పరీక్ష కోసం నర్సింగ్ బయట పెట్టిన ఒక ఉత్తుత్తి ఖాతా మీద ప్రయత్నించాలి, Access is denied అని రావాలి. మిగతా విభాగాల పేర్లు తెరమీద కనిపిస్తూనే ఉంటాయి, దానికి కంగారు పడనక్కర్లేదు. మామూలు ఉద్యోగి కూడా డైరెక్టరీలో పేర్లు చూడగలడు, మార్చలేడు.

కొన్నాళ్లకు ఒక వింత ఎదురవుతుంది. యాభై తొమ్మిది మందికి పనిచేసిన రీసెట్ ఒక్క నర్సు దగ్గర మాత్రం Access is denied అంటుంది. ఆవిడ కూడా Nursing ఓయూలోనే ఉంది. కారణం పాత చరిత్రలో ఉంటుంది. ఒకప్పుడు బ్యాకప్ టేపులు మార్చే పని ఆవిడకు అప్పగించి Backup Operators గ్రూపులో చేర్చారు, తర్వాత తీసేశారు. ఇలాంటి పెద్ద హక్కుల గ్రూపుల్లో ఉన్న ఖాతాలను యాక్టివ్ డైరెక్టరీ గంటకోసారి వెతికి పట్టుకుని, పై ఓయూ నుంచి వచ్చే హక్కులు వాటికి అంటకుండా తెంచేస్తుంది. adminCount అనే గుణంలో 1 అని గుర్తు పెడుతుంది. గ్రూపులోంచి తీసేసినా ఆ గుర్తూ పోదు, తెగిన బంధమూ తిరిగి అతకదు. ఐటీ ఉద్యోగి ఆ ఖాతా సెక్యూరిటీ పేజీలోకి వెళ్లి వారసత్వాన్ని మళ్లీ ఆన్ చేసి, adminCount చెరిపేయాలి. ఆవిడ నిజంగానే ఇంకా అలాంటి గ్రూపులో ఉంటే మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ ఆ అడ్డు ఉండాల్సిందే.

ఈ కాపలాకు ఒక హద్దు ఉంది. అది విండోస్‌తో పాటు వచ్చిన పెద్ద గ్రూపులనే గుర్తుపడుతుంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు మార్చే హక్కు ఒక సీనియర్ సిస్టర్‌కు ఉందనుకోండి, ఆ సంగతి యాక్టివ్ డైరెక్టరీకి తెలియదు. ఆవిడ పాస్‌వర్డ్ మార్చగలిగిన సూపర్‌వైజర్ బిల్లులూ మార్చగలరు. ఐసీయూ మానిటర్ల నుంచి రికార్డుల్లోకి సమాచారం పంపడానికి ఎవరో పెట్టిన సర్వీస్ ఖాతా అదే ఓయూలో ఉండిపోతే ప్రమాదం ఇంకో రకం. పేరు పోల్చుకోలేక దాని పాస్‌వర్డ్ మార్చేస్తే మానిటర్ల నుంచి సమాచారం రావడం ఆగిపోతుంది. కాబట్టి హక్కు ఇచ్చే ముందు ఓయూలో ఉన్న ప్రతి ఖాతా ఎవరిది, ఏ గ్రూపుల్లో ఉంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేయగలదు అని చూసి, మామూలు నర్సు హక్కులు దాటినవాటిని వేరే ఓయూకు మార్చేయాలి.

హక్కు ఇచ్చాక కన్ను వేసి ఉంచడానికి దారి ఉంది. ఎవరి పాస్‌వర్డ్‌ను ఎవరు రీసెట్ చేశారో డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో 4724 అనే నంబరుతో నమోదవుతుంది. అన్‌లాక్ చేస్తే 4767. వారానికోసారి ఈ రెండు నంబర్లు వడగట్టి, సూపర్‌వైజర్ రిజిస్టరులో రాసుకున్న పేర్లతో సరిచూస్తే చాలు. రిజిస్టరులో లేని రీసెట్ లాగ్‌లో ఉంటే అడగాలి. ఇంకో సాక్షి బాధితురాలే: తన పాస్‌వర్డ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే నర్సుకు వెంటనే తెలుస్తుంది. ‘ఎవరో మార్చినట్టున్నారు మేడమ్’ అని ఆవిడ అంటే కొట్టిపారేయకూడదు.

ఒకే నర్సు ఖాతా రోజూ లాక్ అవుతుంటే మాత్రం రీసెట్ మందు కాదు. ఖాతా లాకైనప్పుడు పడే 4740 నమోదులో, తప్పు పాస్‌వర్డ్ ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో సాధారణంగా పేరు ఉంటుంది. చాలాసార్లు అది పాత పాస్‌వర్డ్ దాచుకున్న మరో వార్డు కంప్యూటరో, ఆసుపత్రి మెయిల్ పెట్టుకున్న ఆవిడ ఫోనో అయి ఉంటుంది. అక్కడ పాతది తీసేసేదాకా ఎన్నిసార్లు అన్‌లాక్ చేసినా అంతే.

ఖాతాలు క్లౌడ్‌లో ఉన్నా పద్ధతి ఇదే, పేర్లే వేరు. మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో అడ్మినిస్ట్రేటివ్ యూనిట్ అనే హద్దు గీసి, ఆ హద్దులోనే పనిచేసేలా Password Administrator పాత్ర ఇవ్వవచ్చు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో రీసెట్ హక్కు మాత్రమే ఉన్న పాత్ర తయారుచేసి ఒక ఆర్గనైజేషనల్ యూనిట్‌కు పరిమితం చేయవచ్చు.

రీసెట్ హక్కు ఉన్న ముగ్గురి ఖాతాలు ఇక మామూలు ఖాతాలు కావు. ఒక్కదాని పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే అరవై మంది లాగిన్‌లు చిక్కినట్టే. అందుకే రీసెట్ పనికి విడి ఖాతా ఇచ్చి, దానితో మెయిల్ చూడటం, ఇంటర్నెట్ వాడటం మానాలి. ఈ పద్ధతి వల్ల కలిగే అసలు మేలు కూడా మనుషుల్లోనే ఉంది. ఎక్కడో హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు ఫోన్‌లో మాట్లాడేది నిజంగా ఆ నర్సేనా అని తేల్చుకోవడం కష్టం. వార్డులో ఎదురుగా నిలబడ్డ సిస్టర్‌ను సూపర్‌వైజర్ చూడగానే గుర్తుపడుతుంది. కాబట్టి నియమం కూడా అలాగే ఉండాలి: మనిషి ఎదుటికి వస్తేనే రీసెట్, తాత్కాలిక పాస్‌వర్డ్ చెవిన చెప్పాలే తప్ప వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఫోన్ మీద రీసెట్ చేయడం మొదలుపెట్టిన రోజున సూపర్‌వైజర్‌కు, ముఖం తెలియని హెల్ప్‌డెస్క్‌కు తేడా ఉండదు.