‘ఎంతవుతుంది?’ అన్న మెయిలుకు జవాబు

“మా మాన్యువల్ తెలుగులోకి చేయించాలి. ఎంతవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది?” కొత్త క్లయింటు నుంచి ఫ్రీలాన్సర్‌కి వచ్చే మొదటి మెయిలు చాలాసార్లు ఇంతే ఉంటుంది. జవాబు కూడా అంతే పొట్టిగా వెళ్లిపోతుంది: “అరవై వేలు అవుతుంది సార్, మూడు వారాల్లో ఇస్తాను.” రెండు ప్రశ్నలకూ సమాధానం దొరికింది కదా అనిపిస్తుంది. పేచీ మొదలయ్యేది నాలుగో వారంలో.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. హైదరాబాద్‌లో డ్రిప్ ఇరిగేషన్ సామాన్లు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. రైతులకు ఇచ్చే ఇంగ్లిష్ మాన్యువల్‌ని తెలుగు చేయించాలనుకుంది. విజయవాడలో ఇంటి నుంచి పనిచేసే అనువాదకురాలికి మెయిలు పెట్టింది. ఆమె ఫైలు తెప్పించుకుని చూస్తే 24,000 పదాలు తేలాయి. పదానికి రెండున్నర రూపాయలు ఆమె రేటు. అంటే 60,000. లెక్క తేలిగ్గానే తేలింది. అయితే ఆ అరవై వేలకు ఏమేం వస్తాయి, ఏమేం రావు అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. ప్రపోజల్ మెయిలు రాసేది అది తేల్చడానికే.

అందుకే ఆమె ధరతో కాకుండా పనితో మొదలుపెట్టింది:

“నమస్కారం సార్. మీరు పంపిన 112 పేజీల వర్డ్ ఫైలు చూశాను. అందులో 24,000 ఇంగ్లిష్ పదాలున్నాయి. వీటిని రైతులకు అర్థమయ్యే వాడుక తెలుగులోకి అనువదించి, ఒకసారి ఎడిట్ చేసి, యూనికోడ్ తెలుగులో వర్డ్ ఫైలుగా ఇస్తాను. బొమ్మల లోపల ఉన్న ఇంగ్లిష్ మాటలకు తెలుగును విడిగా పట్టికగా ఇస్తాను. బొమ్మలు మార్చడం, పేజీలు కట్టడం, ప్రింటింగ్ ఇందులో లేవు.”

ఇందులో ప్రతి ముక్కకూ పనుంది. ‘ఇంగ్లిష్ పదాలు’ అని ఎందుకు చెప్పాలంటే, తెలుగులోకి వచ్చేసరికి పదాల సంఖ్య బాగా తగ్గిపోతుంది. ‘ఇన్ ద ఫీల్డ్’ అని మూడు పదాలుంటే మనకు ‘పొలంలో’ అని ఒక్కటే. దేని మీద లెక్కకట్టేదీ ముందే రాయకపోతే, అకౌంట్స్ సెక్షన్లో ఎవరో తెలుగు ఫైలు తెరిచి పదాలు లెక్కపెట్టి, బిల్లు ఎక్కువ వేశారంటారు. వాళ్ల తప్పు కూడా కాదది.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది ‘యూనికోడ్’ అన్న ముక్క. మన ఊళ్లలో ప్రింటింగ్ ప్రెస్సులు చాలాకాలం అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పనిచేశాయి. ఇప్పటికీ చేస్తున్నవి ఉన్నాయి. అనూ ఫాంట్ల కోడింగ్ పద్ధతి వేరు. యూనికోడ్‌లో టైపు చేసిన మాటర్‌ని నేరుగా అందులో పేస్టు చేస్తే తెలుగు కనిపించదు, పిచ్చి గుర్తులు వస్తాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోతాయి, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పుగా పడతాయి. మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫు చూడాల్సిందే. ప్రెస్సు వాళ్లు ఇన్‌డిజైన్ వాడితే యూనికోడ్ నడుస్తుంది. కానీ అందులోనూ భారతీయ లిపులకు పనికొచ్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అప్పుడు కంపెనీ మేనేజరు ఫోన్ చేసేది ప్రెస్సుకి కాదు. “మేడమ్, మీ ఫైల్లో తెలుగంతా విరిగిపోయింది” అని అనువాదకురాలికే చేస్తాడు. 112 పేజీల ప్రూఫు ఊరికే చూసిపెట్టాల్సి వస్తే ఆమెకు రెండు మూడు రోజుల పని నీళ్లలో పోసినట్టే. అందుకే ఆమె ఇంకో వాక్యం చేర్చింది: “పేజీలు కట్టాక ఒకసారి ప్రూఫు చూడమంటే పేజీకి 30 రూపాయలు.” అక్కర్లేదంటే వాళ్లు అక్కర్లేదంటారు. అక్కరపడితే ధర ముందే ఉంది.

తర్వాత రేటు. ఇక్కడ చాలామంది సంజాయిషీ రాస్తారు. తమ అనుభవం, పాత పనులు, ‘ఇది చాలా తక్కువ ధర సార్’ లాంటివి. నా అభిప్రాయంలో ఈ పేరాలో అవి అక్కర్లేదు. చెప్పాల్సింది చేతికి ఎంత వస్తుందన్నది. ఆమె ఇలా రాసింది:

“పదానికి రూ. 2.50 చొప్పున మొత్తం రూ. 60,000. ఇది టీడీఎస్ కోతకు ముందు మొత్తం. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి బిల్లులో జీఎస్టీ ఉండదు. పని మొదలుకు ముందు రూ. 18,000, మొదటి సగం అందాక రూ. 21,000, చివరి ఫైలు అందిన 30 రోజుల్లోపు మిగతా రూ. 21,000.”

టీడీఎస్ మాట ఎందుకంటే, కంపెనీ ఈ పనిని ఏ పద్దు కింద రాసుకుంటుందన్నదాన్ని బట్టి కోత మారుతుంది. కాంట్రాక్టు పని అంటే వ్యక్తికి ఒక శాతం, ప్రొఫెషనల్ ఫీజు అంటే పది శాతం. పది శాతమైతే అరవై వేలలో ఆరు వేలు ముందే పోతాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్ను లెక్కలోకి వస్తుంది. కానీ ఆ నెల అద్దె కట్టాల్సిన మనిషికి తేడా తేడాయే. ఇక సర్వీసులిచ్చేవాళ్లకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు కూడా. ముందే చెప్తే ‘జీఎస్టీ బిల్లు పంపండి’ అన్న మెయిలు దగ్గర చెల్లింపు నెలరోజులు ఆగిపోదు.

ముప్పై రోజులు అని రాయడం వెనుక ఒక చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు ఇవ్వాల్సిన డబ్బుకి రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఇంటి నుంచి ఒక్కరే సర్వీసు ఇచ్చేవాళ్లూ ఉద్యమ్‌లో నమోదు చేసుకోవచ్చు, ఫీజు లేదు. మొదటి మెయిల్లోనే వడ్డీ సంగతి ఎత్తితే బెదిరింపులా ఉంటుంది. సంతకం కింద ఉద్యమ్ నంబరు వేస్తే చాలు, తెలిసిన అకౌంటెంట్‌కి అర్థమైపోతుంది.

గడువు విషయంలో ఆమె తారీఖు వేయలేదు. రోజుకు రెండు వేల పదాల చొప్పున 24,000 పదాలకు 12 పనిదినాలు. దానికి ముందు వాల్వు, ల్యాటరల్, ఎమిటర్, ఫ్లషింగ్ లాంటి మాటలకు ఏం వాడాలో పట్టిక తయారుచేసి కంపెనీతో ఖాయం చేయించుకోవడానికి రెండు రోజులు. చివర ఎడిటింగుకు నాలుగు. మొత్తం 18. కానీ ఏ రోజు నుంచి లెక్క? “పదహారో తారీఖుకి ఇస్తాను” అని రాస్తే, అడ్వాన్సు వారం ఆలస్యమైనా, ఫైలు పది రోజులు ఆగి వచ్చినా పదహారు పదహారే. అందుకని ఇలా రాసింది:

“అడ్వాన్సు, ఫైనల్ ఫైలు రెండూ అందిన మరుసటి పనిదినం నుంచి 18 పనిదినాలు. మొదటి 3,000 పదాలు ఐదో రోజుకు పంపిస్తాను. వాటిపై మీ మార్పులు మూడు పనిదినాల్లో చెప్పండి. అది ఆలస్యమైతే అన్ని రోజులూ గడువు జరుగుతుంది. చివరి ఫైలుపై ఒకసారి మార్పులు ధరలోనే. పని మొదలయ్యాక ఇంగ్లిష్‌లో కొత్తగా చేర్చిన పదాలకు అదే రేటు. అప్పటికే అనువదించినవి మీరు తీసేసినా బిల్లులో ఉంటాయి.”

మూడు వేల పదాల నమూనా క్లయింటు తృప్తి కోసమే కాదు. ‘బిందు సేద్యం’ రాయాలా, ‘డ్రిప్’ అనే ఉంచాలా అన్న పేచీ వస్తే, ఐదో రోజున తేలితే మూడు వేల పదాల్లో సరిదిద్దుకుంటే సరిపోతుంది. పద్దెనిమిదో రోజున తేలితే ఫైలంతా మళ్లీ చదవాలి. చివరి వాక్యం మాత్రం ‘ఫైనల్’ అని పేరు పెట్టి పంపే ఫైళ్ల కోసం. వాటి వెనకే ‘ఫైనల్ 2’ వస్తుందని ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

హక్కుల సంగతి ఒక్క వాక్యంలో తేలిపోయింది: పూర్తి డబ్బు అందాక కాపీరైటు బదిలీ పత్రం సంతకం చేసి ఇస్తాను అని. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి కాని అనువాదకురాలి అనువాదంపై తొలి హక్కు ఆమెదే. బదిలీకి సంతకంతో కూడిన పత్రం కావాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే అనుకుంటుంది చట్టం. కంపెనీకి ఇది అవసరమైన కాగితం, ఆమెకు చివరి వాయిదా వసూలుకి ఆధారం.

చివరి పేరా ‘ఇక ముందు ఏం చేయాలి’ అన్నది. ‘మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను’ అని ముగిస్తే అవతలి మనిషికి చేయడానికి పనేమీ ఉండదు. ఆమె చేతిలో పెట్టినట్టు రాసింది: “ఈ ధర 15 రోజులు వర్తిస్తుంది. సమ్మతమైతే ఈ మెయిలుకే ‘అంగీకరిస్తున్నాం’ అని జవాబివ్వండి. అడ్వాన్సు బిల్లు అదే రోజు పంపిస్తాను. సాంకేతిక సందేహాలకు మీ దగ్గర ఎవరిని అడగాలో ఒక్కరి పేరు చెప్పండి.”

‘మెయిలుకే జవాబు’ అన్నది మామూలు మాట కాదు. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య బాక్సైట్ సరఫరా తగాదాలో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది ఇదే: మెయిళ్ల ద్వారా ముఖ్యమైన షరతులన్నీ కుదిరి, బేషరతుగా అంగీకారం వచ్చాక ఒప్పందం కుదిరినట్టే, తర్వాత పెద్ద పత్రం రాసుకోలేదన్నంత మాత్రాన అది లేకుండా పోదు.

ఇంతా చేస్తే మేనేజరు ఫోన్లో, “రెండు రూపాయలకు చేయండి మేడమ్, ముందు ముందు చాలా పనుంది” అన్నాడనుకుందాం. ఆమె రేటు తగ్గించలేదు. “చివర్లో స్పేర్ పార్టుల జాబితా 4,000 పదాలుంది సార్, అవన్నీ పేర్లూ నంబర్లే. అది ఇంగ్లిష్‌లోనే ఉంచితే 20,000 పదాలకు 50,000 అవుతుంది” అంది. ఒకసారి రెండు రూపాయలకు దిగితే ఆ కంపెనీలో ఆమె రేటు ఇక ఎప్పటికీ రెండు రూపాయలే. పని తగ్గిస్తే రేటు నిలబడుతుంది. “సరే, కానివ్వండి” అన్నాడాయన. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఆమె పాత మెయిలుకే రిప్లయి కొట్టింది: “ఇప్పుడు ఫోన్లో అనుకున్నట్టు, స్పేర్ పార్టుల జాబితా మినహా 20,000 పదాలు, రూ. 50,000, రోజులు 16. అడ్వాన్సు రూ. 15,000. మిగతా షరతులు పై మెయిల్లో ఉన్నవే. ఖాయం చేయగలరు.”